బీమా ఫిర్యాదు రాయడం, 3వ భాగం: గ్రీవెన్స్ ఆఫీసర్‌కి లెటర్

పోయిన భాగంలో కస్టమర్ కేర్‌కి రాసిన ఫిర్యాదుకి జవాబొచ్చింది అనుకుందాం. హాస్పిటల్ బిల్లు 84,000, కంపెనీ ఇచ్చింది 61,000, మిగతా 23,000 ఎందుకు కోశారని అడిగితే "పాలసీ నిబంధనల ప్రకారమే సెటిల్ చేశాం" అని ఒక్క వాక్యం, ఆ వెంటనే ఫిర్యాదు క్లోజ్ అయిందని మెసేజ్. ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ ఆ మెయిల్‌కే రిప్లై కొడితే చాలాసార్లు అదే డెస్కుకి చేరి అదే జవాబు తిరిగొస్తుంది. పాలసీ డాక్యుమెంట్‌లో ఫిర్యాదుల గురించి రాసిన చోట గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఐడీ ఉంటుంది, దానికి కొత్తగా రాయండి.

సబ్జెక్ట్ లైన్‌లోనే పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, మొదటి ఫిర్యాదు నంబరు పెట్టేయండి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఒకటుంది: కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఇచ్చే క్లెయిమ్ నంబరు, కంపెనీ సొంత నంబరు వేరువేరుగా ఉండొచ్చు. రెండూ ఉంటే ఏది ఎవరిదో చెప్పి రెండూ రాయండి, లేకపోతే "వివరాలు దొరకలేదు" అని వారం గడిపేస్తారు.

ఇక అసలు లెటర్. మీ జబ్బు కథంతా మళ్లీ చెప్పక్కర్లేదు, వాళ్ల జవాబులో ఏం లేదో చూపిస్తే చాలు:

"మార్చి 4న మీరిచ్చిన జవాబులో 'పాలసీ నిబంధనల ప్రకారమే' అని ఉంది, కానీ ఏ క్లాజో లేదు. సెటిల్‌మెంట్ లెటర్‌లో కోతకు కారణం గది అద్దె పరిమితి అని రాశారు. నా పాలసీ షెడ్యూల్‌లో గది అద్దెకు పరిమితి లేదని ఉంది (కాపీ జత చేశాను). 23,000 చెల్లించండి, లేదా కోతకు ఆధారమైన క్లాజు నంబరు రాసి పంపండి. మార్చి 24లోగా జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తాను."

క్లాజు అడగడం మొండితనం కాదు. హెల్త్ క్లెయిమ్‌లో కొంత కోసినా, అది ఏ నిబంధన కిందో స్పష్టంగా చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్‌లోనే ఉంది.

గడువు మాత్రం తారీఖుతో రాయండి, "వీలైనంత త్వరగా" అంటే వాళ్లకి వీలైనప్పుడే. ఫిర్యాదు తేల్చడానికి కంపెనీకి 14 రోజులు ఉంటాయి కాబట్టి మార్చి 10న పంపితే 24 సరిపోతుంది. మూడు రోజులే ఇచ్చి బెదిరిస్తే ఎవరూ పట్టించుకోరు.

గడువు దాటాక ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అంబుడ్స్‌మన్ దగ్గరికైతే, కంపెనీ కాదన్నా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా వెంటనే వెళ్లొచ్చు. అసలు జవాబే లేకపోతే మాత్రం లెటర్ అందినప్పటి నుంచి నెల ఆగాలి. అక్కడ మొదట అడిగేది కంపెనీకి రాతపూర్వకంగా రాశారా అనే, అందుకే పంపిన మెయిల్‌ని పీడీఎఫ్‌గా దాచుకోండి. అంబుడ్స్‌మన్ ఫారం నింపడం 4వ భాగంలో.