చిట్టి చేతుల పాఠాలు – 3: డబ్బాలోంచి గుడ్డ లాగడం

కిందటి పాఠంలో ఆరు నెలల బిడ్డ స్టీలు గ్లాసును ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకోవడం చూశాం. ఏడెనిమిది నెలలకు ఇంకో పని మొదలవుతుంది. నేల మీద చిన్న వస్తువు కనబడితే నాలుగు వేళ్లతో దువ్వుకున్నట్లు అరచేతిలోకి లాక్కుంటారు. బొటనవేలికి అప్పటికి పెద్దగా పని ఉండదు. సుమారు తొమ్మిదో నెల నుంచి అది చూపుడువేలికి ఎదురుగా రావడం మొదలవుతుంది. ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు రెండు వేళ్ల కొసలతో గిల్లినట్లు పట్టుకోగలుగుతారు. ఈ వారం ఆట ఆ మార్పు కోసమే.

ఒక వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. రేకు డబ్బా వద్దు, అంచు కోసుకుంటుంది. చేతిరుమాలంత గుడ్డ ముక్కలు నాలుగు కత్తిరించి, అంచులన్నీ మడిచి కుట్టండి. కుట్టకుండా వదిలేస్తే ఊడివచ్చిన దారప్పోగు బిడ్డ వేలికి చుట్టుకుని రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆట అయ్యాక కూడా ప్రతిసారీ వేళ్ల సందులు చూడండి. గుడ్డలను వదులుగా కుక్కి, ఒక్క ముక్క కొసను మాత్రం నాలుగు వేళ్ల పొడవున బయటికి వదలండి.

పొందూరు దగ్గర ఒక ఇంట్లో ఎనిమిది నెలల పాపకు ఈ ఆట చూపించాను. అమ్మమ్మ మిగిలిపోయిన ఖద్దరు ముక్కలను ముచ్చటగా కుట్టి ఉంచారు. పాప మాత్రం గుడ్డ జోలికి పోలేదు, డబ్బాను అరచేత్తో బాదుతూ కూర్చుంది. "దీనికి ఇష్టం లేదండీ" అంది తల్లి. ఇష్టం సంగతి కాదు. డబ్బా తెలుపు, ఖద్దరూ తెలుపు. కొస ఎక్కడుందో పాపకు కనబడలేదు. పైన ఎర్రటి జాకెట్టు గుడ్డ ముక్క పెట్టగానే ఒక్క క్షణం తేరిపార చూసి, గుప్పెడంతా వేసి లాగేసింది.

రెండో చిక్కు మర్నాడు వచ్చింది. గుడ్డలు బిగించి కుక్కడంతో పాప ఒళ్లంతా వెనక్కి వేసి లాగి, వెల్లకిలా పడబోయింది. చేతికి పని చెప్పాలంటే గుడ్డ సులువుగా రావాలి. డబ్బాను పాప కాళ్ల మధ్య పెట్టి, అడుగును మీరు పట్టుకోండి. వెనకాల ఒక మనిషి గానీ దిండు గానీ ఉండాలి. బిడ్డ చెయ్యి పట్టుకుని మీరు లాగించకండి. అలా చేస్తే పట్టు మీదే అవుతుంది, బిడ్డది కాదు.

ఈ ఆటలో అసలు కిటుకు బయటికి కనబడే కొస పొడవులో ఉంది. నాలుగు వేళ్ల కొస ఉంటే గుప్పెడు సరిపోతుంది. నాలుగైదు రోజులు హాయిగా లాగాక కొసను రెండు వేళ్లకు, ఆ తర్వాత ఒక వేలి వెడల్పుకు తగ్గించండి. అంత చిన్న కొస మీద అరచెయ్యి ఆనదు, బొటనవేలు ఎదురుగా రాక తప్పదు. రెండు మూడు సార్లు జారిపోయి బిడ్డ విసుక్కుంటే, తొందరపడ్డామని తెలుసుకుని మళ్లీ కొస పెంచండి.

తొమ్మిది నెలలు దాటాక అన్నం వేళ ఇదే అభ్యాసం చేయించవచ్చు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, కంచంలో బాగా మెత్తగా ఉడికిన నాలుగు మెతుకులు విడివిడిగా వేయండి. వేళ్ల మధ్య నలిపితే చితికిపోయేదే వేయాలి. మన జిల్లాలో జీడిపప్పుకు కొదవ లేదు కాబట్టి మరీ మరీ చెబుతున్నాను: జీడిపప్పు, వేరుశనగ గింజ, చింతపిక్క ఏదీ ఈ అభ్యాసానికి పనికిరాదు. గొంతులో అడ్డుపడితే ఊపిరాడదు. గిలక్కాయలో గురివింద గింజలు పోసే అలవాటు ఉంటే ఈ రోజే తీసేయండి. పగిలిన గురివింద గింజ కడుపులోకి పోతే విషం. ఆట ఏదైనా, పెద్దవాళ్లు ఎదురుగా ఉన్నంతసేపే. తర్వాత డబ్బా అటక మీదికి.

ఒక్క సంగతి మాత్రం గమనిస్తూ ఉండండి. ఈ వయసు బిడ్డ రెండు చేతులనూ మార్చి మార్చి వాడాలి. ఎప్పుడూ ఒకే చెయ్యి చాపుతూ, రెండోది పిడికిలి బిగించే ఉంటే "ఎడమచేతి వాటంలే" అని ఊరుకోకండి. ఏడాదిలోపు అలాంటి వాటం స్థిరపడదు. పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఈ పాఠంలోని నెలలను ప్రసవానికి డాక్టరు చెప్పిన తేదీ నుంచి లెక్కపెట్టండి.

వచ్చే పాఠం పట్టుకున్నదాన్ని వదలడం గురించి. దానికి ఇదే డబ్బా కావాలి, పారేయకండి.