సొంత సాఫ్ట్‌వేర్ ఖర్చుల లెక్క – 3వ పాఠం: ఆస్తి లెక్క ఏ తేదీన మొదలవుతుంది?

పరిశోధన దశలో పెట్టిన డబ్బంతా ఆ కాలపు లాభనష్టాల ఖాతాకే పోతుందని, అభివృద్ధి దశలో పెట్టినదానిలో కొంత మాత్రమే ఆస్తి అప్పుల పట్టీలో అగోచర ఆస్తిగా నిలుస్తుందని గత పాఠంలో చూశాం. అయితే ఒక దశ ముగిసి రెండోది మొదలైందని ప్రాజెక్టు తనంతట తాను చెప్పదు. ఆ తేదీని లెక్కలు రాసేవారే కాగితాల ఆధారంగా తేల్చాలి. ఈ పాఠంలో ఒక్క ప్రాజెక్టును తీసుకుని ఆ తేదీని ఎలా నిర్ణయిస్తారో, తరువాత వచ్చే ఖర్చులను ఎలా విడదీస్తారో చూద్దాం. మనం అనుసరించేది ఐఏఎస్ 38 ప్రమాణాన్ని.

ఆ ప్రమాణంలోని 57వ పేరా ఆరు విషయాలను చూపించమంటుంది. పని పూర్తిచేయడం సాంకేతికంగా సాధ్యమని, పూర్తిచేసి వాడుకోవాలనే ఉద్దేశం సంస్థకు ఉందని, వాడుకోగల సామర్థ్యం ఉందని, దానివల్ల భవిష్యత్తులో ప్రయోజనం ఎలా వస్తుందో వివరించగలమని, పూర్తిచేయడానికి కావలసిన డబ్బు, మనుషులు, ఇతర వనరులు అందుబాటులో ఉన్నాయని, అయ్యే ఖర్చును నమ్మకంగా కొలవగలమని చూపించాలి. అమ్మడానికి కాక సొంతానికి వాడుకునే సాఫ్ట్‌వేర్ అయితే, ప్రయోజనాన్ని చూపించడానికి బయట మార్కెట్ ఉండనక్కరలేదు, అది సంస్థకు ఏ విధంగా ఉపయోగపడుతుందో చూపిస్తే చాలు. ఈ ఆరూ ఒకే రోజున నెరవేరవు. వాటిలో చివరిది నెరవేరిన రోజే మన తేదీ. చాలామంది పొరబడేది ఇక్కడే. యాజమాన్యం ఆమోదం ఇచ్చిన రోజు కాగితం మీద స్పష్టంగా కనబడుతుంది కాబట్టి దాన్నే పట్టుకుంటారు.

ఇక ఉదాహరణకు వద్దాం. ఒక సంస్థకు అనేక గోదాములున్నాయి. సరుకు నిల్వల లెక్క కోసం సొంత సాఫ్ట్‌వేర్ రాసుకోవాలని జనవరి 1న పని మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలూ బయట దొరికే ప్యాకేజీలను పరిశీలించడానికి, సిబ్బందిని అడిగి అవసరాలు రాసుకోవడానికి, రెండు మూడు పద్ధతులను పోల్చి చూడడానికి సరిపోయాయి. ఈ కాలంలో 18 లక్షలు ఖర్చయింది. ఏప్రిల్ 10న యాజమాన్యం ప్రాజెక్టును ఆమోదించి, పూర్తి బడ్జెట్టునూ బృందాన్నీ కేటాయించింది. అయితే ఒక చిక్కు మిగిలే ఉంది. గోదాములో నెట్‌వర్క్ పోయినప్పుడు అక్కడి నమోదులు ఆగకూడదు. నెట్‌వర్క్ తిరిగి వచ్చాక రెండు చోట్ల ఒకేసారి మారిన నిల్వ అంకెలు ఒకదానినొకటి చెరిపేసుకోకూడదు. ఇది సాధ్యమో కాదో బృందానికే తెలియదు. దాన్ని పరీక్షించే నమూనా మే 31న గానీ సఫలం కాలేదు. ఏప్రిల్, మే నెలల ఖర్చు 16 లక్షలు.

ఆరు షరతులలో అయిదు ఏప్రిల్ 10 నాటికే తీరాయి. సాంకేతిక సాధ్యత ఒక్కటే మే 31 దాకా ఆగింది. కాబట్టి ఆస్తి లెక్క జూన్ 1న మొదలవుతుంది. మొదటి 18 లక్షలు, తరువాతి 16 లక్షలు, వెరసి 34 లక్షలు ఖర్చుగానే రాయాలి. ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. నమూనా సఫలమైంది కదా, దానికోసం పెట్టిన 16 లక్షలను ఇప్పుడు ఆస్తిలోకి తీసుకురావచ్చు కదా అని. తీసుకురాకూడదు. ఒకసారి ఖర్చుగా గుర్తించిన మొత్తాన్ని తరువాతి తేదీన ఆస్తి విలువలో కలపరాదని 71వ పేరా స్పష్టంగా నిషేధిస్తుంది. అదే ఆర్థిక సంవత్సరంలో షరతులు నెరవేరినా ఈ నియమంలో సడలింపు లేదు. సంవత్సరం చివర కూర్చుని మొత్తం ఏడాదిని ఒకే కాలంగా చూసేవారు ఈ విషయాన్ని మరచిపోతారు.

ఇంకో సందర్భాన్ని కూడా గమనించండి. పరిశోధనను, అభివృద్ధిని విడదీయడం సాధ్యం కాని ప్రాజెక్టులో మొత్తం ఖర్చును పరిశోధనగానే చూడాలని ప్రమాణం చెబుతుంది. రెండు వారాల స్ప్రింట్లలో పనిచేసే బృందాలకు ఇది నిజంగా ఇబ్బందే, ఎందుకంటే ఒకే స్ప్రింట్‌లో ఒకరు ప్రయోగం చేస్తుంటే పక్కవారు తేలిపోయిన భాగాన్ని రాస్తుంటారు. నా అభిప్రాయంలో అటువంటి చోట మొత్తం ప్రాజెక్టుకు ఒకే తేదీ వెతకడం కంటే, విడిగా వాడుకలోకి తీసుకురాగల ఒక్కొక్క మాడ్యూల్‌కు ఆరు షరతులనూ పరీక్షించి తేదీ రాసిపెట్టుకోవడం మేలు.

ఇప్పుడు జూన్ నుంచి నవంబరు దాకా జరిగిన ఖర్చును చూద్దాం. మొత్తం 90 లక్షలు. అందులో ప్రోగ్రామర్ల, టెస్టర్ల జీతాలు, ఇతర ఉద్యోగ ప్రయోజనాలు కలిపి 60 లక్షలు, కొన్ని భాగాలు రాసిచ్చిన బయటి కాంట్రాక్టరుకు 12 లక్షలు, పరీక్షల కోసం అద్దెకు తీసుకున్న సర్వర్లకు 4 లక్షలు, పాత రికార్డులలోని తప్పులు సరిచేసి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి 5 లక్షలు, గోదాము సిబ్బంది శిక్షణకు 6 లక్షలు, మానవ వనరుల విభాగం, ఖాతాల విభాగం ఖర్చులో ఈ ప్రాజెక్టు వాటాగా పంచిన మొత్తం 3 లక్షలు.

తేదీ దాటింది కాబట్టి 90 లక్షలూ ఆస్తి అయిపోవు. సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, అనుకున్న విధంగా పనిచేయించడానికి నేరుగా అవసరమైన ఖర్చే ఆస్తిలోకి వెళ్తుంది. కాంట్రాక్టరు బిల్లు, సర్వర్ల అద్దె ఈ పరీక్షలో నిలుస్తాయి. శిక్షణ ఖర్చు నిలవదు, ఆస్తిని నడిపే సిబ్బంది శిక్షణను ప్రమాణమే పేరుపెట్టి బయట ఉంచింది. పంచిన సాధారణ నిర్వహణ ఖర్చులు కూడా, ఆస్తిని సిద్ధం చేయడానికి నేరుగా ముడిపడి ఉన్నాయని చూపించలేకపోతే, బయటే ఉంటాయి. పాత రికార్డుల శుద్ధి సంస్థ డేటాను బాగుచేసే పనే తప్ప సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే పని కాదు, అందువల్ల దాన్నీ ఖర్చుగానే రాస్తాం. అమెరికా ప్రమాణమైతే డేటా మార్పిడి ఖర్చును, ఆ మార్పిడికి వాడే సాఫ్ట్‌వేర్‌ను మినహాయించి, ఖర్చుగా రాయమని నేరుగానే చెబుతుంది.

జీతాల 60 లక్షల దగ్గరే అసలు శ్రమ ఉంది. ఆ బృందమే పాత సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు కూడా చేస్తోంది. టైమ్‌షీట్ల ప్రకారం వారి సమయంలో 85 శాతం కొత్త పనికి, 15 శాతం పాతదాని మరమ్మతులకు పోయింది. అంటే 51 లక్షలు కొత్తపనివి, 9 లక్షలు ఖర్చువి. ఆ 51 లక్షలలో కూడా ఒక మడత ఉంది. సరఫరాదారుల నివేదికల మాడ్యూల్‌ను తప్పుగా అర్థం చేసుకుని 4 లక్షల విలువైన పని చేసి, తరువాత మొత్తం పారేసి మళ్లీ రాశారు. గుర్తించగలిగిన ఇలాంటి వృథా కూడా ఆస్తిలోకి రాదు. మిగిలింది 47 లక్షలు. దీనికి కాంట్రాక్టరు 12, సర్వర్లు 4 కలిపితే ఆస్తి విలువ 63 లక్షలు. మిగతా 27 లక్షలు, అంటే 9, 4, 5, 6, 3, లాభనష్టాల ఖాతాకు పోతాయి. 63కు 27 కలిపితే 90 వస్తుందో లేదో ప్రతిసారీ సరిచూసుకోవాలి. రెండు వైపులా పడిన మొత్తం, ఏ వైపూ పడని మొత్తం ఇక్కడే బయటపడతాయి.

ఈ లెక్క అంతా టైమ్‌షీట్ మీదే నిలబడింది. అది బలహీనమైతే ఆడిటరు మొదట పట్టుకునేది దాన్నే. ఒక సంస్థలో నేను చూసినది చెబుతాను. బృందం మొత్తానికి ఆరు నెలల టైమ్‌షీట్లను మేనేజరు సంవత్సరాంతంలో ఒకే రోజున నింపాడు, ప్రతి రోజుకూ ప్రతి మనిషికీ ఎనిమిది గంటలు, అన్నీ కొత్త ప్రాజెక్టు మీదే. ఆడిటరు సెలవుల రిజిస్టరు తెప్పించుకుని పక్కన పెట్టుకున్నాడు. సెలవులో ఉన్న మనిషి కూడా ఆ రోజుల్లో ఎనిమిది గంటలు కోడింగ్ చేసినట్టు ఉంది. ఆ తరువాత ఖర్చును నమ్మకంగా కొలవగలమనే షరతే కుప్పకూలింది, ఆస్తిగా చూపినదంతా వెనక్కి తీయవలసి వచ్చింది. టైమ్‌షీట్‌లోని వివరణ కూడా పని స్వభావాన్ని చెప్పాలి. ‘లోపం సవరణ, 6 గంటలు’ అని రాస్తే అది ఏమీ చెప్పదు. ఇంకా వాడుకలోకి రాని కొత్త మాడ్యూల్‌ను పరీక్షిస్తూ దొరికిన లోపాన్ని సరిచేయడం తయారీలో భాగం, కాబట్టి ఆస్తి. వాడుకలో ఉన్న పాత స్క్రీన్‌లో లోపాన్ని సరిచేయడం మరమ్మతు, కాబట్టి ఖర్చు. ఒకే మాట, రెండు ఖాతాలు.

మొదలయ్యే తేదీ ఎంత ముఖ్యమో ఆగే తేదీ కూడా అంతే ముఖ్యం. మన సాఫ్ట్‌వేర్ నవంబరు 30కి అన్ని పరీక్షలూ దాటి సిద్ధమైంది. కానీ సంస్థ తన సౌలభ్యం కోసం జనవరి 1న వాడుక మొదలుపెట్టింది. ఆస్తి యాజమాన్యం కోరుకున్న విధంగా పనిచేసే స్థితికి వచ్చినప్పుడే ఖర్చు కలపడం ఆగుతుంది, వాడుక మొదలైనప్పుడు కాదు. అందువల్ల డిసెంబరులో బృందానికి అయిన 5 లక్షలు ఖర్చే. అమార్టైజేషన్ కూడా వాడుకకు సిద్ధమైన నాటి నుంచే, అంటే డిసెంబరు 1 నుంచే మొదలవుతుంది. అయిదేళ్ల ఆయుష్షు, చివర విలువ శూన్యం, సమానంగా పంచే పద్ధతి అనుకుంటే, 63 లక్షలను 60 నెలలకు పంచితే నెలకు 1.05 లక్షలు. సిద్ధం కాకముందే ఆర్థిక సంవత్సరం ముగిసి ఉంటే అమార్టైజేషన్ ఉండదు గానీ, అప్పటిదాకా కూడిన విలువ నిలుస్తుందో లేదో ఐఏఎస్ 36 ప్రకారం ఏటా పరీక్షించాలి, నష్టం జరిగిందనే సూచనలు లేకపోయినా సరే.

అమెరికా ప్రమాణం పాటించే సంస్థలో పనిచేసేవారికి ఒక మాట. అక్కడ ప్రాజెక్టును దశలుగా విడదీసే పాత పద్ధతిని 2025లో వచ్చిన సవరణ తొలగించింది. 2027 డిసెంబరు 15 తరువాత మొదలయ్యే సంవత్సరాలకు అది తప్పనిసరి. యాజమాన్యం డబ్బు కేటాయించడం, ప్రాజెక్టు పూర్తయి అనుకున్న పనికి వాడబడే అవకాశం బలంగా ఉండడం అనేవే అక్కడ చూస్తారు, సాంకేతికంగా తేలని పెద్ద అనిశ్చితి ఉంటే అవకాశం బలంగా ఉందని చెప్పలేం. మన ఉదాహరణలో నెట్‌వర్క్ చిక్కు అటువంటిదే.

అభ్యాసం. అదే సంస్థ మరుసటి ఏడాది, సరుకును మొబైల్ కెమెరాతో స్కాన్ చేసే కొత్త సదుపాయాన్ని చేర్చాలనుకుంది. సాంకేతికంగా తెలియనిదేమీ లేదని బృందం ఫిబ్రవరి 1న రాతపూర్వకంగా చెప్పింది. బడ్జెట్టు ఫిబ్రవరి 15న ఆమోదం పొందింది. కానీ బృందం వేరే పనిలో ఉండడం వల్ల, మనుషులు మార్చి 1న గానీ ఖాయం కాలేదు. ఫిబ్రవరిలో అయిన ఖర్చు 3 లక్షలు. మార్చిలో 7 లక్షలు, అందులో 1 లక్ష సిబ్బంది శిక్షణకు, 2 లక్షలు మొదటి విడుదలలోని లోపాలు సరిచేయడానికి. తేదీ ఏది, ఆస్తిగా ఎంత చూపాలి, ఏ కాగితం ఆధారంగా అనే మూడింటికీ జవాబు రాసి ఉంచుకోండి. 4వ పాఠాన్ని ఆ జవాబులతోనే మొదలుపెడతాం.