కూలర్ హాల్‌కి మార్చాక గాలి దారి మారింది

ఏప్రిల్లో మా ఆయనకు కోవిడ్ వచ్చింది, బెడ్‌రూమ్‌లోనే ఉంచాం. కర్నూలు ఎండలకి కూలర్ లేకుండా పడుకోలేం కదా, కానీ మా కూలర్ ఆ బెడ్‌రూమ్ కిటికీకే ఉంది, అది బయటి గాలిని లోపలికి తోస్తుంది కాబట్టి రూమ్‌లో గాలంతా తలుపు సందుల్లోంచి హాల్లోకి, అంటే సరిగ్గా మా అవ్వ మంచం దగ్గరికి వస్తోంది. తలుపు మూసి, కింద సందు దగ్గర అగరుబత్తి పెట్టి చూస్తే పొగ హాల్ వైపే కొట్టింది.

కూలర్‌ను హాల్ కిటికీకి మార్చాం. బెడ్‌రూమ్ కిటికీలో టేబుల్ ఫ్యాన్ మొహం బయటికి తిప్పి పెట్టి, చుట్టూ ఖాళీని అట్టముక్కలతో మూశాం. ఈసారి పొగ రూమ్‌లోకి పోయింది, సందులోంచి ఆయనకూ కాస్త చల్లగాలి అందింది. మీ కిటికీ పక్కింటి కిటికీకి ఎదురుగా ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేస్తే లాభం లేదు, అది ఉన్న గాలినే తిప్పుతుంది.

బాత్రూమ్ ఎగ్జాస్ట్ వేస్తే పొగ మళ్లీ తిరగబడేది, కూలర్ ఆగి ఉన్నప్పుడు మరీను. అప్పుడు హాల్ కిటికీ బార్లా తెరిస్తే సరిపోయింది.

తలుపు తీసిన ప్రతిసారీ గాలి కొంత కలుస్తుంది, అందుకే అన్నం పెట్టడానికి వెళ్లేటప్పుడు ఇద్దరికీ ఎన్95 మాస్కే. ఊపిరి వదిలితే కళ్లకు తగులుతోందంటే ముక్కు దగ్గర తీగ సరిగా నొక్కలేదన్నమాట. బయటికొచ్చి తలుపు మూశాకే నేను మాస్క్ తీసేదాన్ని.