వల్వా మంట, పాఠం 3: ఇన్ఫెక్షన్ లేదని తేలాక నొప్పి ఎక్కడుందో తడిమి చూడడం

వల్వా, అంటే ఆడవాళ్ల బయటి జననాంగం, మంటగా ఉందని వచ్చినవాళ్లకి యోని స్రావం పీహెచ్ చూడడం, దాన్ని స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపులో చూడడం దగ్గర పోయిన పాఠంలో ఆగాం కదా, అక్కడ ఒక మాట మిగిలిపోయింది. స్లైడ్‌లో ఏమీ కనపడలేదంటే ఫంగస్ లేదని అర్థం కాదు. క్యాండిడా గ్లాబ్రాటా లాంటివి స్లైడ్ మీద పొడుగాటి దారాల్లా కనపడవు, చిన్న చిన్న మొగ్గల్లా ఉంటాయి, కంటికి సులభంగా తప్పిపోతాయి, అందుకే కల్చర్ పంపాలి, అంటే ఫంగస్ పెరుగుతుందేమో ల్యాబ్‌లో పెంచి చూడాలి. అదీ యాంటీఫంగల్ క్రీమ్ వాడుతున్న రోజుల్లో శాంపిల్ తీస్తే ఏమీ పెరగకపోవచ్చు, కాబట్టి మందు ఆపాక తీయాలి. ఈ ఒక్క కల్చర్ చేయించకుండా ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ మీద ఫ్లూకోనజోల్ రాసేస్తుంటారు, నన్నడిగితే పేషెంట్ల నెలలు పోయేది ఇక్కడే.

ఇవాళ్టి కేస్ నేర్చుకోడానికి నేను అల్లిందే. 27 ఏళ్లావిడ, 8 నెలలుగా యోని ద్వారం దగ్గర మంట. కలయికప్పుడు, టాంపన్ పెట్టుకునేటప్పుడు, టైట్ జీన్స్ వేసి కూర్చుంటే వస్తుంది, ఏమీ తగలకపోతే ఉండదు. అంతకుముందు ఇవేవీ ఇబ్బంది లేవు. దురద లేదు, తెల్లబట్ట మామూలే, పీహెచ్ 4.2, స్లైడ్ క్లియర్, కల్చర్‌లో ఏమీ పెరగలేదు, పుండ్లు లేవు, చర్మం తెల్లబడటం పల్చబడటం లేదు. ద్వారం చుట్టూ కొంచెం ఎర్రగా ఉంది, కానీ ఆ పాటి ఎరుపు నొప్పి లేనివాళ్లలో కూడా ఉంటుంది, దాన్ని పట్టుకుని ఇన్ఫెక్షన్ అనేయకండి.

ఇప్పుడు స్వాబ్ టెస్ట్. తడిపిన కాటన్ స్వాబ్ చాలు. ముందు ఆవిడకి ఏం చేయబోతున్నారో చెప్పండి, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపుతామని కూడా చెప్పండి. నొప్పి ఉన్న చోటికి నేరుగా వెళ్లొద్దు, తొడ లోపలి వైపు మొదలుపెట్టి, పెద్ద పెదవులు, రెండు పెదవుల మధ్య మడత, చిన్న పెదవుల బయటి వైపు, అలా లోపలికొస్తూ చివర్న వెస్టిబ్యూల్, అంటే చిన్న పెదవుల లోపల యోని ద్వారం చుట్టూ ఉండే నున్నటి భాగం. దాన్ని గడియారం ముఖం అనుకోండి, మూత్రద్వారం వైపు 12, మలద్వారం వైపు 6. స్వాబ్‌ని మెల్లగా ఆనించి తీయాలి అంతే, రుద్దకూడదు, గట్టిగా పొడిస్తే ఎవరికైనా నొప్పే పుడుతుంది, అప్పుడు టెస్ట్‌కి అర్థమే ఉండదు. ప్రతి చోటా 0 నుంచి 10 లో ఎంత అని అడిగి బొమ్మ మీద రాసుకోండి.

మన కేస్‌లో తొడ 0, పెద్ద పెదవులు 0, చిన్న పెదవుల బయట 1, వెస్టిబ్యూల్‌లో 12 దగ్గర 2, 4 దగ్గర 7, 6 దగ్గర 8, 8 దగ్గర 7. ఒక్క మిల్లీమీటర్ బయటికి జరిగితే ఏమీ లేదు, లోపలికి జరిగితే ఆవిడ ఉలిక్కిపడింది. ఆ గీత అంత స్పష్టంగా ఉండటమే ఇక్కడ విషయం.

2015లో అంతర్జాతీయ సంఘాలు ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం, కనీసం 3 నెలలుగా ఉండి స్పష్టమైన కారణం దొరకని వల్వా నొప్పిని వల్వోడైనియా అంటారు. పేరొక్కటి రాస్తే సరిపోదు, నొప్పి ఒకచోటా లేక అంతటానా, తగిలితేనా లేక దానంతటదేనా, మొదట్నుంచీ ఉందా మధ్యలో వచ్చిందా, ఇవి కూడా రాయాలి. మన కేస్‌లో ఒకచోటే, తగిలితేనే, మధ్యలో వచ్చింది. అంటే వెస్టిబ్యూల్‌కి పరిమితమైన వల్వోడైనియా, వెస్టిబ్యులోడైనియా అనేది దీన్నే.

కానీ ఆ మాట రాసే ముందు ఇంకో రెండు అడగాలి. మొదటిది, పాలిస్తోందా, హార్మోన్ పిల్స్ వాడుతోందా అని, ఎందుకంటే ఈస్ట్రోజన్ తగ్గితే ఇదే చోట ఇలాంటి మంటే వస్తుంది, అప్పుడు దారి వేరు. ఆవిడకి ఆ రెండూ లేవు. రెండోది, కూర్చుంటే పెరిగి లేస్తే తగ్గే, ఒక పక్కకే లాగే నొప్పి అయితే వల్వాకి స్పర్శనిచ్చే పుడెండల్ నరం వైపు చూడాలి. ఆవిడకి కూర్చున్నప్పుడు వచ్చేది జీన్స్ ఒత్తిడి వల్ల, వదులు బట్టల్లో ఎంతసేపు కూర్చున్నా ఏమీ ఉండదు.

కల్చర్‌లో ఫంగస్ వచ్చుంటే? అప్పుడు దానికి మందిచ్చి, తగ్గాక మళ్లీ ఇదే స్వాబ్ టెస్ట్ చేయండి. ఫంగస్ పోయి 6 దగ్గర 8 అలాగే ఉంటే ఈ నొప్పి దానిది మాత్రమే కాదు, రెండూ కలిసి ఉండొచ్చు, ఒకటి దొరికిందని రెండోది కొట్టేయకూడదు.

ఇంకొకటి మిగిలింది, స్వాబ్ తగిలినప్పుడు ఆవిడ కటి కండరాలు బిగపట్టింది. అది నొప్పికి భయపడి బిగించిందా, లేక కండరమే నొప్పిస్తోందా అని తేల్చడానికి వేలితో పరీక్ష, 4వ పాఠం అదే.