టేపుతో మీ కంటి సైట్‌ను ఇంట్లోనే కొలుచుకోవడం ఎలా?

నేను కళ్లు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే పనిలో ఉన్నాను. మా ఇంట్లో ఇద్దరి కళ్లు నాకు బాగా తెలుసు. మా తమ్ముడికి 32 ఏళ్లు, చిన్నప్పటి నుంచి మైనస్ అద్దాలు. మా అక్కకు 50. దూరం చక్కగా కనిపిస్తుంది కానీ పేపర్ చదవాలంటే చెయ్యి బారుగా చాపుతుంది. బట్టలు కుట్టే టేపుతో ఈ ఇద్దరి కళ్లూ ఎలా కొలిచానో చెబుతాను. అదే పద్ధతిలో మీరూ కొలుచుకోవచ్చు. దీంతో అద్దాలు చేయించుకోకూడదు, దానికి సరైన పరీక్ష కావాలి. మీ చీటీలో రాసిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం దీంతో తెలిసిపోతుంది.

కావలసినవి: కుట్టు టేపు, చిన్న అక్షరాలున్న దినపత్రిక ముక్క, ఒక విజిటింగ్ కార్డు, గుండుసూది, చిన్న టార్చి, టేపు పట్టుకోవడానికి పక్కన ఇంకొకరు.

మొదటి అడుగు: దూరపు హద్దు

అద్దాలు తీసేయండి. ఒక కంటిని అరచేతితో మూయండి. గుడ్డును నొక్కకూడదు. నొక్కితే తర్వాత ఆ కన్ను కాసేపు మసకగా చూస్తుంది. టేపు మొదటి అంచును కనుబొమ ఎముకకు ఆనించమని పక్కవారికి చెప్పండి. అద్దం బిళ్ల కూడా దాదాపు ఆ వరసలోనే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి కొలిస్తే అద్దాల పవర్‌తో నేరుగా పోల్చుకోవచ్చు.

పేపర్ ముక్కను అక్షరాలు స్పష్టంగా కనిపించే దూరంలో పట్టుకుని మెల్లగా వెనక్కి జరపండి. అక్షరాల అంచులు మొదటిసారి చెదిరిన చోట ఆపి కొలవండి. చదవలేకపోయే దాకా ఆగకూడదు, మసక మొదలైన చోటే మనకు కావాలి. మూడుసార్లు చేసి మధ్యలో వచ్చిన అంకె తీసుకోండి.

తమ్ముడికి 40 సెంటీమీటర్లు వచ్చింది. 100ని 40తో భాగిస్తే 2.5. అతని చీటీలో ఉన్నది కూడా మైనస్ 2.5. వందను సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేదాన్నే డయాప్టర్ అంటారు. కటకం బలాన్ని కొలిచే అంకె అది.

ఇలా ఎందుకు కుదిరింది? కన్ను మొత్తం బలం సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులు ముందున్న పారదర్శక పొర కార్నియాదే, మిగిలింది లోపలి కటకానిది. పెద్దవారి కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ బలం, ఈ పొడవు ఒకదానికొకటి సరిపోతే దూరం నుంచి వచ్చే కిరణాలు సరిగ్గా కంటి వెనకనున్న తెర రెటీనా మీద కలుస్తాయి. తమ్ముడి కన్ను కాస్త ఎక్కువ పొడుగు పెరిగింది. దూరపు కిరణాలు రెటీనాకు ముందే కలిసి, అక్కడి నుంచి విడిపోయి మసక పుట్టిస్తాయి. కన్ను ఒక్క మిల్లీమీటరు పొడుగైతే చాలు, రెండున్నర డయాప్టర్ల పైన తేడా వస్తుంది. హ్రస్వదృష్టి చాలామందిలో వచ్చే తీరు ఇదే. కంట్లో జబ్బేమీ ఉండనక్కర్లేదు, కొలత కుదరకపోతే చాలు.

ఇక్కడ తప్పు రావడానికి మూడు దారులున్నాయి. కళ్లు చికిలించడం మొదటిది. రెప్పల మధ్య సన్నని చీలికలోంచి చూస్తే మసక తగ్గిపోయి హద్దు దూరంగా జరిగినట్టు అనిపిస్తుంది. రెండోది, మీ పవర్ మైనస్ 1 కంటే తక్కువ కావడం. అప్పుడు హద్దు మీటరు దాటిపోతుంది, అంత దూరంలో పత్రిక అక్షరం ఎవరికైనా చిన్నదైపోతుంది కాబట్టి ఈ పద్ధతి పనికిరాదు. మూడోది ఎక్కువ పవర్. మైనస్ 8 ఉన్నవారి హద్దు 12 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. అక్కడ టేపు ఒక్క సెంటీమీటరు జారినా అరడయాప్టర్ పైనే తేడా పడుతుంది. అక్షరాల నిలువు గీతలు ఒక దూరంలో, అడ్డ గీతలు ఇంకో దూరంలో చెదిరితే, కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేనప్పుడు వచ్చే సిలిండర్ పవర్ కూడా మీకు ఉండొచ్చు.

రెండో అడుగు: దగ్గరి హద్దు

ఇప్పుడు పేపర్‌ను కంటి వైపు తెండి. ఎంత ప్రయత్నించినా అక్షరం చెదిరిపోయే చోట ఆపండి. తమ్ముడికి 9 సెంటీమీటర్లు, అంటే 11.1 డయాప్టర్లు వచ్చింది. ఇందులోంచి దూరపు హద్దు 2.5 తీసేస్తే 8.6. అతని కంటి కటకం తనంత తాను పెంచుకోగలిగిన బలం అది. దీన్నే సర్దుబాటు అంటాం.

దగ్గరి వస్తువును చూడాలనుకోగానే కటకం చుట్టూ వలయంలా ఉన్న సిలియరీ కండరం బిగుసుకుంటుంది. కండరం బిగిస్తే కటకాన్ని కూడా లాగుతుందనే ఎవరైనా అనుకుంటారు. జరిగేది అందుకు తిరగబడి ఉంటుంది. వలయం బిగిసి చిన్నదైతే కటకాన్ని పట్టుకుని ఉన్న సన్నని తంతువులు వదులవుతాయి. లాగేవి లేకపోయేసరికి కటకం తన సహజమైన గుండ్రని ఆకారానికి వచ్చి బలం పెంచుకుంటుంది. దూరం చూసేటప్పుడు కండరం విశ్రాంతిగా ఉంటుంది, తంతువులు బిగిసి కటకాన్ని పలచగా లాగి ఉంచుతాయి.

ఈ పని కార్నియాది కాదని 1801లో థామస్ యంగ్ తేల్చిన తీరు నాకు ఎప్పటికీ ఇష్టం. తన కంటినే నీళ్లకు ఆనించి చూశాడు. నీళ్లలో కార్నియా వంపుకు దాదాపు బలం ఉండదు. అయినా సర్దుబాటు పోలేదు. అంటే అది లోపలి కటకం పనే.

ఇక అక్క. ఆమెకు దూరం అద్దాల అవసరం లేదు కాబట్టి దూరపు హద్దును సున్నా డయాప్టర్లు అనుకున్నాం. దగ్గరి హద్దు 40 సెంటీమీటర్లు. అంటే ఆమెకు మిగిలిన సర్దుబాటు మొత్తం 2.5 డయాప్టర్లే. యాభై ఏళ్లకు ఇది మామూలే. పదేళ్ల పిల్లవాడికి పన్నెండు పైనే ఉండే ఈ శక్తి ఏటేటా తగ్గుతూ వస్తుంది. దానికి ముఖ్య కారణం కటకం గట్టిపడిపోవడం. కండరం బిగిసి తంతువులను వదిలినా కటకం గుండ్రంగా మారలేదు. నలభై దాటాక ఇది తెలియడం మొదలవుతుంది, చత్వారం అన్న పేరు ఆ నలభై నుంచి వచ్చిందే.

అక్క పేపర్‌ను 40 సెంటీమీటర్లలో చదవాలంటే ఉన్న శక్తి అంతా ఖర్చు చేయాలి. ఎవరూ అలా పది నిమిషాలు కూడా చదవలేరు, తల బరువెక్కుతుంది. అందుకే మేము సగం శక్తిని మిగులుగా ఉంచుతాం. ఉన్న 2.5లో సగం, అంటే 1.25 ఆమె కన్ను ఇస్తుంది. మిగతా 1.25 ప్లస్ అద్దం ఇవ్వాలి. నేను పరీక్షించి రాసిన చీటీ కూడా దానికి దగ్గరలోనే వచ్చింది.

టేపుకు దొరకని కన్ను

దీర్ఘదృష్టిని ఇలా కొలవలేం. అక్కడ కన్ను పొట్టిది, కిరణాలు రెటీనా దాటాక గానీ కలవవు. దూరపు హద్దు కంటి ముందు ఎక్కడా ఉండదు. పైగా పిల్లల్లో ఇది దాక్కుంటుంది. పిల్లవాడి దగ్గర సర్దుబాటు శక్తి బోలెడు ఉంటుంది కాబట్టి దూరం చూడటానికి కూడా దాన్నే వాడుకుని చార్టులో చివరి వరస దాకా చదివేస్తాడు. సాయంత్రానికి తలనొప్పి, చదువు మీద విసుగు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు గానీ కళ్ల మీద అనుమానం రాదు.

ఇంట్లో ఒక సూచన మాత్రం దొరుకుతుంది. ప్లస్ 1 చదువు అద్దాలు పెట్టి ఆరు మీటర్ల దూరంలోని క్యాలెండర్ చూడమనండి. మామూలు కన్నయితే దానికి వెంటనే మసక రావాలి, ఎందుకంటే ఆ అద్దంతో హద్దు మీటరు దగ్గరికి వచ్చేస్తుంది. మసక రాకుండా అంతే స్పష్టంగా చదివితే లోపల ప్లస్ పవర్ దాగి ఉన్నట్టే అనుకుని పరీక్షకు తీసుకెళ్లండి. అక్కడ కండరాన్ని నిద్రపుచ్చే చుక్కల మందు వేసి అసలు పవర్ చూస్తారు.

మూడో అడుగు: కనుపాప చూడండి

పై కొలతలన్నీ ఒకే వెలుతురులో చేయాలి. నమ్మకం లేకపోతే దగ్గరి హద్దును ఒకసారి మసక దీపం దగ్గర, ఒకసారి కిటికీ పక్కన కొలిచి చూడండి. చాలామందికి కిటికీ పక్కన హద్దు కంటికి ఇంకా దగ్గరికి వస్తుంది. కటకం అదే. చిన్నదయ్యింది కనుపాప. రంధ్రం చిన్నదైతే ఒక్కో బిందువు నుంచి వచ్చే కిరణాల కట్ట సన్నగా ఉండి, రెటీనా మీద మసక మచ్చ చిన్నదవుతుంది. అక్క పేపర్‌ను వరండాలోకి పట్టుకెళ్లి చదవడం వెనకున్న కారణం ఇదే.

దీన్ని కళ్లారా చూడాలంటే గదిలో వెలుతురు తగ్గించి, ఎదుటివారిని దూరంగా ఉన్న గోడను చూడమనండి. మిమ్మల్ని చూస్తే కుదరదు, దగ్గర చూసినా కనుపాప చిన్నదవుతుంది. మన నల్లని కళ్లలో కనుపాప అంచు కనిపించడం కష్టం, అందుకే టార్చిని కింది నుంచి ఏటవాలుగా వేయండి. రెండు సెకన్లు చాలు. లేజర్ మాత్రం ఎప్పుడూ వాడొద్దు.

కుడి కంట్లో వెలుగు పడితే ఎడమ కనుపాప కూడా కుదించుకుంటుంది. వెలుగు కబురు కంటి నరం గుండా మెదడు కాండం పైభాగానికి వెళ్లి, అక్కడి నుంచి రెండు వైపులకూ పంచబడి, మూడో కపాల నరం ద్వారా రెండు కళ్లకూ తిరిగి వస్తుంది. అందుకే టార్చిని ఒక కంటి మీద నుంచి రెండో కంటి మీదకు జరిపినప్పుడు కనుపాపలు పెద్దవైతే ఆ రెండో కంటి నరం లేదా రెటీనా సరిగా పనిచేయట్లేదేమో చూపించుకోవాలి. రెండు కనుపాపల మధ్య కొద్ది తేడా చాలామందిలో మామూలుగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఒకటి పెద్దదై, రెప్ప వాలి, తలనొప్పి ఉంటే మాత్రం ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

విజిటింగ్ కార్డుకు గుండుసూదితో చిల్లు పొడవండి, అదొక మిల్లీమీటరు కనుపాప. అద్దాలు తీసి అందులోంచి దూరం చూడండి. మసక బాగా తగ్గితే లోపం చాలావరకు పవర్‌దే. తగ్గకపోతే శుక్లం, రెటీనా లాంటి వేరే కారణం ఉండొచ్చు, అద్దాలు మార్చుకుని ఊరుకోకూడదు.

కనుపాపను కుదించే కండరం, కటకాన్ని సర్దే కండరం రెండూ ఒకే నరం మాట వింటాయి. ఆసుపత్రిలో చుక్కలు వేశాక వెలుగు కళ్లు చెదరగొట్టడం, ఫోన్‌లో అక్షరాలు కనిపించకపోవడం కలిసి వచ్చేది అందుకే. పోయినసారి చుక్కలు వేసినప్పుడు తమ్ముడిని అద్దాలు లేకుండా మళ్లీ టేపు ముందు కూర్చోబెట్టాను. 9 సెంటీమీటర్ల హద్దు పోయింది. పేపర్ ఎక్కడ పెట్టినా మసకే, ఒక్క 40 దగ్గర మాత్రం స్పష్టంగా చదివాడు. సాయంత్రానికి మందు దిగాక మళ్లీ 9 వచ్చింది.