స్క్రేపర్ నడుస్తూనే ఉంది, ఫీల్డులు మాత్రం ఖాళీ: ముందే పట్టుకోవడం ఎలా?

సైట్ వాళ్లు పేజీ డిజైన్ మార్చినప్పుడు మీ స్క్రేపర్ ఎర్రర్ ఇస్తుందనుకుంటే పొరపాటే. స్క్రేపీలో `response.css(".price::text").get()` అని రాస్తే, ఆ క్లాస్ పేరు పేజీలో లేనప్పుడు అది గొడవ చేయదు, `None` ఇచ్చి ఊరుకుంటుంది. స్టేటస్ 200, రికార్డుల సంఖ్య నిన్నటిదే, లాగ్ శుభ్రంగా ఉంటుంది. అందుకే ఎర్రర్లు వస్తే మెయిల్ పంపే ఏర్పాటు ఒక్కటే పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి.

1. ఖాళీకి ఒకే రూపం ఇవ్వండి. విలువ దొరకకపోతే `None`, అంతే. "N/A", సున్నా, ఖాళీ స్ట్రింగ్ లాంటివి డిఫాల్ట్‌గా పెట్టొద్దు. వచ్చిన టెక్స్ట్‌ను `strip()` చేశాక ఏమీ మిగలకపోయినా `None` చేయండి.

2. ప్రతి రన్ చివర ఫీల్డువారీగా ఎంత శాతం నిండిందో లెక్కించి దాచండి.

```python
def fill_rates(items, fields):
    n = len(items)
    return {f: sum(i.get(f) is not None for i in items) / n
            for f in fields}
```

రికార్డులే సున్నా అయితే అది వేరే అలారం, ఇక్కడిదాకా రానివ్వకండి. కొందరు పేజీ HTMLను నిన్నటిదానితో పోల్చి చూస్తారు. ప్రకటనలు, సెషన్ టోకెన్లు మారుతుంటాయి కాబట్టి అది రోజూ తేడా చూపిస్తుంది, వారం తిరక్కుండా ఆ అలారాన్ని ఎవరూ చూడరు. మనకు కావాల్సింది పేజీ మారిందా అన్నది కాదు, మన ఫీల్డు పోయిందా అన్నది.

3. ఏ ఫీల్డు శాతాన్ని ఆ ఫీల్డు పాత శాతాలతోనే పోల్చండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

ఒక షాపింగ్ సైట్ నుంచి 2,000 ఉత్పత్తులు తెస్తున్నారనుకుందాం. మామూలు రోజుల్లో ధర 99%, రేటింగ్ 84%, పాత ధర 31% నిండుతాయి, ఎందుకంటే డిస్కౌంట్ లేని వస్తువుకు పాత ధర ఉండదు. అన్నిటికీ కలిపి 90% హద్దు పెడితే పాత ధర, రేటింగ్ రోజూ మోగుతాయి. విసిగిపోయి హద్దును 20%కి దించితే, రేటింగ్ 84 నుంచి 50కి పడిపోయినా చప్పుడుండదు. ఇలా సగానికి పడటం తరచూ చూసేదే, ఎందుకంటే చాలా సైట్లు కొత్త డిజైన్‌ను ఒకేసారి అందరికీ ఇవ్వవు, ముందు కొంతమందికి చూపిస్తాయి. సున్నా అయ్యేదాకా ఆగితే అప్పటికే చాలా డేటా పోయి ఉంటుంది.

నేను వాడే పద్ధతి ఇది: చివరి 14 మంచి రన్‌ల మధ్యస్థం తీసుకుని, దానికి ఐదోవంతు కంటే ఎక్కువ తగ్గితే అలారం. అంటే రేటింగ్‌కు హద్దు సుమారు 67%, పాత ధరకు సుమారు 25%. ధర లాంటి తప్పనిసరి ఫీల్డుకు మాత్రం రెండు శాతం తగ్గినా మోగాలి.

"మంచి రన్" అన్న మాట గట్టిగా పట్టుకోండి. అలారం మోగిన రన్‌ను ఆ 14లో కలపకూడదు. కలిపితే కొన్ని రోజుల్లో ఖాళీలే మామూలైపోతాయి, అలారం దానంతట అదే ఆగిపోతుంది, ఎవరో బాగుచేశారని మీరనుకుంటారు.

ఇంకో జాగ్రత్త: కేటగిరీలను కలిపి లెక్కించొద్దు. ఒక రోజు కొత్త వస్తువులు ఎక్కువగా వస్తే రేటింగ్ సహజంగానే తగ్గుతుంది, సైట్ ఏమీ మార్చలేదు. ఏ కేటగిరీకి ఆ కేటగిరీ విడిగా చూస్తే ఈ అనవసరపు టెన్షన్ చాలావరకు తప్పుతుంది. ఒక కేటగిరీలో పదీ ఇరవై పేజీలే ఉంటే ఆ శాతాన్ని నమ్మకండి, కొన్ని రన్‌లు కలిపి చూడండి.

4. మోగాక కారణం తేల్చండి. అన్ని ఫీల్డులూ ఒకేసారి పడిపోతే ముందు అనుమానించాల్సింది డిజైన్‌ను కాదు: సైట్ మిమ్మల్ని ఆపి, 200 స్టేటస్‌తోనే క్యాప్చా పేజీ ఇస్తోందేమో చూడండి. ఒకటి రెండు ఫీల్డులే పడితే సెలెక్టర్ మీద అనుమానం. అందుకోసం ప్రతి రన్‌లో కొన్ని పేజీల HTMLను, స్క్రేపర్‌కు వచ్చింది వచ్చినట్టే, దాచి ఉంచాలి. బ్రౌజర్లో ధర చూసి, ఆ అంకెను దాచిన ఫైల్లో వెతకండి. మామూలు ట్యాగ్‌లో కనిపిస్తే సెలెక్టర్ మారిస్తే చాలు. `script` ట్యాగ్‌లోని JSONలో మాత్రమే ఉంటే అక్కడి నుంచే తీసుకోండి. ఎక్కడా లేకపోతే విలువ పేజీ లోడయ్యాక వేరే రిక్వెస్ట్‌తో వస్తుండవచ్చు, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో దాన్ని వెతకాలి.

5. ఈలోగా డేటాబేస్‌ను కాపాడండి. అలారం మోగిన రన్‌ను అసలు టేబుల్‌లోకి పంపకుండా పక్కన ఆపండి, లేదంటే నిన్నటి మంచి ధర మీద ఇవాళ్టి ఖాళీ వచ్చి కూర్చుంటుంది. సెలెక్టర్ సరిచేశాక పాత డిజైన్ పేజీ ఒకటి, కొత్తది ఒకటి తీసుకుని రెండిటి మీదా పరీక్షించండి. సైట్ పూర్తిగా మారేదాకా రెండు రకాలూ వస్తూనే ఉంటాయి, పాత సెలెక్టర్‌ను అప్పుడే తీసేయొద్దు.