కుక్కర్ విజిల్ రావడం లేదా? ముందు ఆవిరి ఎటు పోతోందో చూడండి

కుక్కర్ పొయ్యి మీద పెట్టి చాలాసేపయింది, విజిల్ రాలేదు. ఈ ఒక్క లక్షణం వెనక పూర్తిగా వేరైన రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గ్యాస్కెట్ పాడై ఆవిరి పక్కల నుంచి కారిపోవడం. దీనివల్ల గ్యాస్ వృథా, వంట ఆలస్యం, అంతే. రెండోది, మూత మీది వెంట్ గొట్టం మూసుకుపోయి ఆవిరి లోపలే పేరుకుపోవడం. ప్రమాదం ఇక్కడ ఉంది. చాలామంది రెండోదాన్ని మొదటిదిగా పొరబడి మూత తీయబోతారు. అందుకే విజిల్ రాకపోతే ముందు చేయాల్సింది ఆవిరి ఎటు పోతోందో దూరం నుంచి చూడటం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 5 లీటర్ల కుక్కర్, మూత పైనుంచి బిగించే రకం. నానబెట్టిన బఠానీలు, నీళ్లు కలిపి ముప్పావు వంతు దాకా నింపి మా వదిన పెద్ద మంట మీద పెట్టారు. ఎప్పుడూ 8 నిమిషాలకు కూత వేసే కుక్కర్ 11 నిమిషాలైనా మౌనంగా ఉంది. ఆవిడ చెంచాతో వెయిట్‌ను కొద్దిగా లేపి చూశారు. బుస్సుమనలేదు. "గ్యాస్కెట్ పోయినట్టుంది, ప్రెషరే రాలేదు" అంటూ హ్యాండిల్ తిప్పబోయారు. అది కదల్లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. "వదినా, చెయ్యి తీసేయండి, పొయ్యి ఆపి ఇటు రండి" అన్నాను.

ఎందుకు ఆపానంటే, గ్యాస్కెట్ పోయి ఉంటే మూత అంచు చుట్టూ ఎక్కడో ఒకచోట ఆవిరి, నీటి చుక్కలు కనిపించాలి. మూత అంచు పొడిగా ఉంది. వెంట్ నుంచీ ఏమీ రావడం లేదు. అంత మంట మీద నీళ్లు మరుగుతూ ఉంటే ఆవిరి పుట్టక తప్పదు. అది బయటికి రావడం లేదంటే లోపలే ఉందని అర్థం. వెయిట్ లేపితే శబ్దం రాకపోవడం ప్రెషర్ లేదనడానికి రుజువు కాదు. గొట్టం మూసుకుపోయినప్పుడు కూడా శబ్దం రాదు. ఈ ఒక్క విషయం ఇంట్లో కుక్కర్ ముట్టుకునే ప్రతివాళ్లకూ తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కుక్కర్‌ను పొయ్యి మీదే వదిలేశాం. కదపలేదు, వెయిట్ ముట్టుకోలేదు. కొన్ని గంటల తర్వాత గిన్నె పక్క భాగం మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగాం. చెయ్యి హాయిగా ఆనించగలిగేంత చల్లబడిందంటే లోపల నీళ్లు మరిగే వేడికి చాలా కిందికి వచ్చేశాయి, ఆవిరి మళ్లీ నీరైపోయింది, తోసే శక్తి మిగల్లేదు. అయినా మూత రాలేదు. ఈసారి కారణం తిరగబడింది. ఆవిరి నీరైపోగానే లోపల ఖాళీ ఏర్పడింది, గొట్టం మూసి ఉండటంతో బయటి గాలి లోపలికి వెళ్లలేదు. మొహం దూరంగా పెట్టి, వెయిట్ తీసి, సన్నటి పిన్నుతో గొట్టంలో పొడిచాను. సుయ్యిమని గాలి పీల్చుకుంది, మూత వదులైంది. గొట్టంలో బఠానీ తొక్క, దాని చుట్టూ గంజిలా గట్టిపడిన నురగ ఉన్నాయి. బఠానీలు మెత్తగా ఉడికిపోయి ఉన్నాయి. 'ప్రెషర్ రాలేదు' అనుకున్న కుక్కర్‌లోనే.

పక్కల నుంచి ఆవిరి కారుతుంటే

మంట ఆపి, ప్రెషర్ పూర్తిగా దిగాక మూత తీయండి. కొత్త గ్యాస్కెట్ కొనే ముందు గిన్నె అంచు మీద వేలు పెట్టి చుట్టూ తడమండి. మెతుకో, ఎండిన పప్పు గింజో అతుక్కుని ఉంటే చాలు, ఆవిరి అక్కడి నుంచే దారి చేసుకుంటుంది. కుక్కర్ ఎప్పుడైనా కిందపడి అంచు సొట్టబోతే కొత్త గ్యాస్కెట్ వేసినా కారుతుంది. అలాంటి గిన్నెను సుత్తితో కొట్టి సరిచేయకండి, మార్చేయండి. హ్యాండిల్ స్క్రూలు వదులైనా మూత సరిగ్గా బిగుసుకోదు, వాటిని అప్పుడప్పుడు బిగించుకోవాలి.

అంచు శుభ్రంగా ఉంటే ఇక గ్యాస్కెట్‌ను చూడండి. చేతిలోకి తీసుకుని మడిచి వదిలితే వెంటనే గుండ్రంగా తిరిగి రావాలి. మడిచిన చోట సన్నటి పగుళ్లు కనిపించినా, గోటితో నొక్కితే దిగకుండా గట్టిగా ఉన్నా, మూతలో పెడితే జారి పడేంత సాగిపోయినా దాని పని అయిపోయినట్టే. రోజూ 120 డిగ్రీల దగ్గర వేడిని, నూనె జిడ్డును తట్టుకునే రబ్బరు అది. గట్టిపడటం సహజం.

సాగిపోయిన గ్యాస్కెట్‌ను కాసేపు ఫ్రిజ్‌లోనో చల్లటి నీళ్లలోనో పెడితే కొద్దిగా బిగుసుకుని ఆ పూటకు పనిచేస్తుంది. నిజమే, కానీ దాన్ని మార్చాలనడానికి అదే గుర్తు. గ్యాస్కెట్ చుట్టూ దారం చుట్టడం, గుడ్డపీలిక పెట్టడం, రెండు గ్యాస్కెట్లు కలిపి వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. కొన్ని మూతల అంచున చిన్న కోత ఉంటుంది. ప్రెషర్ హద్దు దాటితే గ్యాస్కెట్ ఆ కోతలోంచి ఉబ్బి బయటికొచ్చి ఆవిరిని వదిలేస్తుంది. దాన్ని మందంగా చేస్తే ఆ రక్షణను మనమే మూసేసినట్టు. వేరే కంపెనీది, దాదాపు అదే సైజుది వేయకూడదనేదీ ఇందుకే. మీ కుక్కర్ మోడల్‌కు చెప్పినదే కొనండి. ఆ కోత మీ వైపు కాకుండా ఎవరూ నిలబడని వైపుకు ఉండేలా కుక్కర్‌ను పెట్టుకోండి.

వంట కాగానే గ్యాస్కెట్‌ను మూత నుంచి తీసి మామూలు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. మూత బిగించి దాచకుండా గిన్నె మీద బోర్లించి పెట్టుకుంటే గ్యాస్కెట్ మీద ఒత్తిడి ఉండదు, ఎక్కువ కాలం వస్తుంది.

ఎక్కడి నుంచీ ఆవిరి రాకుంటే

పొయ్యి వెంటనే ఆపేయండి. చేయి చాచేటప్పుడు మొహం కుక్కర్ మీదికి రాకూడదు. ఆపాక పిల్లలను వంటగదిలోంచి పంపించి మీరూ బయటికి వచ్చేయండి. అప్పటికే ప్రెషర్ ఎక్కువై ఉంటే సేఫ్టీ వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకుని ఆవిరి, వేడి నీళ్లు పైకి చిమ్ముతాయి. చిమ్మడం దాని పనే, మీరు దూరంగా ఉంటే చాలు. గిన్నె మీద అరచెయ్యి ఆనించగలిగేంత చల్లబడే వరకు మూత, వెయిట్, హ్యాండిల్ ఏదీ ముట్టుకోవద్దు. హ్యాండిల్ బిగుసుకుని ఉంటే అది మనల్ని ఆగమని చెబుతోంది, బలం వాడకూడదు.

తర్వాత గొట్టం శుభ్రం చేయండి. మూతను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని గొట్టంలోంచి చూస్తే అవతలి వెలుగు గుండ్రంగా కనబడాలి. సగం చంద్రుడిలా కనిపించినా పూర్తిగా తెరుచుకోలేదనే లెక్క. గొట్టంలో సులభంగా దూరే పిన్నుతో పొడిచి, కుళాయి ధార కింద పట్టి నీళ్లు అవతలికి ధారగా వస్తున్నాయో లేదో చూడండి. వెయిట్ లోపలి భాగంలోనూ జిడ్డు పేరుకుంటుంది, దాన్నీ తోమండి.

ఇది రోజూ వంటకు ముందు చేస్తే పది సెకన్ల పని. వెయిట్ విడిగా వచ్చే కుక్కర్ అయితే ఇంకో మంచి అలవాటు ఉంది. వెయిట్ పెట్టకుండా మూత బిగించి, గొట్టంలోంచి ఆవిరి ధార నిలకడగా వచ్చాకే వెయిట్ పెట్టండి. ఆ ధార కనబడిందంటే గొట్టం తెరిచే ఉందని తెలిసిపోతుంది. ధార బలహీనంగా ఉన్నా, ఎంతకీ రాకపోయినా వెయిట్ పెట్టకుండా పొయ్యి ఆపి, చల్లబడ్డాక చూడండి.

విజిల్‌తో పాటు నురగ, నీళ్లు చిమ్ముతుంటే

గొట్టం మూసుకుపోవడానికి ముందు కనిపించే హెచ్చరిక ఇదే. ఎక్కువ నింపడం, ఎక్కువ మంట, ఈ రెండే ముఖ్య కారణాలు. పప్పులు, బీన్స్, బియ్యం లాంటివి ఉబ్బుతాయి, నురగ కడతాయి, తొక్కలు పైకి తేలతాయి. వీటికి నీళ్లతో కలిపి సగానికి మించి నింపకూడదు. మిగతావాటికి మూడింట రెండు వంతులు హద్దు. మా బఠానీల కథకు మూలం ఆ ముప్పావు వంతే. పప్పుల్లో ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది, అయినా హద్దు హద్దే. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు పాకకూడదు.

సేఫ్టీ వాల్వ్ పోయిందంటే

చాలా కుక్కర్లలో ఇది తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల. ప్రెషర్ హద్దు దాటినా, నీళ్లు ఇంకిపోయి గిన్నె మాడినా కరిగిపోతుంది. కొత్తది వేసే ముందు ఎందుకు కరిగిందో చూడాలి. గొట్టం మూసి ఉందా, నీళ్లు చాలలేదా? కారణం సరిచేయకుండా వాల్వ్ మాత్రం మారిస్తే అదీ కరుగుతుంది. ఆ రంధ్రంలో స్క్రూ బిగించడం, పిండి ముద్ద పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అదే కంపెనీ వాల్వ్ వేసేదాకా ఆ కుక్కర్ వాడకండి.

ప్రెషర్ దిగాక మూత తీసేటప్పుడు

వెంట్ మామూలుగా పనిచేస్తున్న కుక్కర్‌లో కూడా ప్రెషర్ తనంతట తాను దిగే దాకా ఆగండి, పప్పు లాంటివాటికి మరీ ముఖ్యం. తొందరపడి వెయిట్ లేపితే నురగ గొట్టంలోకి ఎగదన్నుతుంది. చిక్కటి పదార్థాల్లో ఆవిరి బుడగలు చిక్కుకుని ఉంటాయి, మూత తీయగానే పైకి ఎగజిమ్మవచ్చు. అందుకే హ్యాండిల్ పట్టుకుని గిన్నెను నెమ్మదిగా ఒకటి రెండు సార్లు కదిపి, మూత అవతలి అంచును ముందుగా, మొహానికి దూరంగా ఎత్తండి.

ఆవిరి తగిలితే ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేసి, కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లటి కుళాయి నీటి ధార పోయనివ్వండి. ఐసు, టూత్‌పేస్ట్, నూనె రాయకండి. బొబ్బలు పగలగొట్టకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, కళ్లు, చేతులు కాలినా, కాలినది పసిపిల్లలైనా నీళ్లు పోసిన వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.